డౌన్ జాకెట్ ఉతకడం గంట పని, ఆరబెట్టడం మూడు రోజుల పని

వరికోతలు అయ్యాక చేలల్లో వందల బాతుల్ని తోలుకుపోయే మందలు డెల్టాలో అందరూ చూసినవే. కాలువలోంచి గట్టెక్కిన బాతు ఒక్కసారి ఒళ్లు విదిలిస్తే చాలు, పొడిగా అయిపోతుంది. నీళ్లను ఆపేది పైన కప్పి ఉన్న గట్టి ఈకలు. వాటి కింద చర్మాన్ని అంటుకుని మెత్తటి నూగు ఉంటుంది. ఆ నూగు దాకా నీళ్లు పోకుండా బాతు రోజంతా ముక్కుతో ఈకలు సర్దుకుంటూనే ఉంటుంది. డౌన్ జాకెట్లో కూరేది ఆ నూగునే. పైఈకలు చేయాల్సిన పని జాకెట్లో పల్చటి నైలాన్ గుడ్డ చేస్తుంది. అంటే జాకెట్ ఉతికేటప్పుడు, బాతు బతికున్నన్నాళ్లూ తడవనివ్వని భాగాన్ని మనం కావాలని నీళ్లలో ముంచుతున్నామన్నమాట. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

అమెరికాకో కెనడాకో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన పెద్దవాళ్ల పెట్టెల్లో ఇప్పుడు ఇలాంటి జాకెట్ ఒకటి తప్పకుండా ఉంటోంది. అక్కడ ఇంట్లోనే డ్రయ్యర్ ఉంటుంది కాబట్టి అక్కడివాళ్లు చెప్పే సలహా రెండు ముక్కల్లో తేలిపోతుంది: సున్నితమైన వాష్, తక్కువ వేడి మీద డ్రయ్యర్. భీమవరంలోనో అమలాపురంలోనో అదే సలహా పాటించబోతే మొదటి సగం కుదురుతుంది, రెండో సగం కుదరదు. డ్రయ్యర్ లేదు, పైగా గాలిలోనే తేమ. జాకెట్లు పాడయ్యేది ఉతకడంలో కాదు, ఆ రెండో సగంలో.

నూగు ఉండ కట్టడమంటే

జిల్లేడు కాయ పగిలినప్పుడు గాలికి ఎగిరే దూదిని గుర్తు తెచ్చుకోండి. నూగు దాదాపు అలాగే ఉంటుంది. మధ్యలో ఒక చిన్న మొదలు, అక్కడి నుంచి అన్ని వైపులకూ సన్నటి పోగులు, ఆ పోగులకు ఇంకా సన్నటి పోగులు. ఈకకు ఉండే కాడ దీనికి ఉండదు. పోగుల మధ్య గాలి చిక్కుకుపోతుంది, వెచ్చదనం ఆ గాలిదే. జాకెట్ మీద 600, 700, 800 అని కనిపించే అంకె చెప్పేది కూడా ఇదే. 700 అంటే 28 గ్రాముల నూగు విచ్చుకున్నప్పుడు సుమారు పదకొండున్నర లీటర్ల చోటు తీసుకుంటుంది. ఇంటికి వేయించుకునే 20 లీటర్ల నీళ్ల టిన్నులో సగం దాటుతుందన్నమాట.

తడిస్తే ఆ పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. గుప్పెడు నూగు గోళీకాయంత అవుతుంది. ఆ గోళీ పైనుంచి ఆరుతుంది. పైపొర ఆరి బిగుసుకున్నాక లోపలి తడి బయటికి రావడానికి దారి ఉండదు. చేత్తో తడిమితే గుడ్డ పొడిగానే తగులుతుంది, గోళీ నడుమ మాత్రం తడి అలాగే ఉంటుంది. రెండో రోజు దాటాక కూడా ఆ తడి ఉంటే ముక్క వాసన మొదలవుతుంది. జాకెట్ సమంగా ఆరాలంటే చేయాల్సినవి రెండే: గోళీలను మధ్యమధ్యలో విడదీయాలి, తడిని తీసుకోగల గాలిని అందివ్వాలి.

రెండో దాన్ని ఇక్కడ చాలామంది తక్కువ అంచనా వేస్తారు. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. తేమ 75 శాతం ఉన్న రోజున అందులో 22 గ్రాములకు పైగా ముందే నిండి ఉంటుంది, మిగిలేది ఏడెనిమిది గ్రాములకు చోటు. పది అడుగులకు పన్నెండు అడుగుల గదిలో ఉన్న గాలంతా కలిపి 34 ఘనమీటర్లు. ఆ గదిలో తడి జాకెట్ పెట్టి తలుపులు మూసి ఫ్యాను వేస్తే, గది గాలి మొత్తం నిండిపోయినా పావుకిలో నీళ్లే తీసుకుంటుంది. జాకెట్లో అంతకు మించి ఉంటాయి. రాత్రంతా ఫ్యాను తిరిగినా పొద్దునకి జాకెట్ చెమ్మగానే ఉండడానికి కారణం ఇదే. ఫ్యాను గాలిని తిప్పుతుంది తప్ప ఆరబెట్టదు. అదే ఫిబ్రవరి మధ్యాహ్నం 33 డిగ్రీలు, 50 శాతం తేమ ఉందనుకోండి, ఘనమీటరు గాలిలో 17 గ్రాములకు పైగా చోటు ఉంటుంది. అంటే రెండింతలకు మించి.

అందుకే కాలం చూసుకుని ఉతకాలి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఆ రోజులు, అటూ ఇటూగా సంక్రాంతి వెళ్లాక మొదలుకుని మార్చి దాకా, దీనికి మంచి సమయం. పొగమంచు తొమ్మిదింటికి విచ్చిపోతుంది, మధ్యాహ్నం గాలి పొడిగా ఉంటుంది, ఎండ మరీ కాల్చదు. జూలై నుంచి నవంబరు దాకా, ముసురు రోజుల్లో, తుఫాను రోజుల్లో ఉతకనే వద్దు. అక్టోబరులో విదేశం నుంచి వచ్చిన జాకెట్ అయినా సరే, మరకలు మాత్రం తడిగుడ్డతో తుడిచి, గాలి తగిలేలా హ్యాంగరుకు తగిలించి, సంక్రాంతి దాకా ఆగడమే మేలు.

మెషీన్లో వేసే ముందు

ముందుగా లోపల ఉన్నది నూగో కాదో తేల్చుకోవాలి. ఉబ్బుగా గళ్లు కుట్టి ఉన్న ప్రతి జాకెట్టూ డౌన్ కాదు. ఎగ్జిబిషన్లలో, బజార్లో తక్కువ ధరకు దొరికేవి చాలావరకు పాలిస్టర్ దూదివి. లోపలి లేబుల్ మీద డౌన్ 90 శాతం, ఫెదర్ 10 శాతం అన్నట్టు ఉంటే నూగే. లేబుల్ చిరిగిపోయి ఉంటే గళ్లను వేళ్ల మధ్య నలిపి చూడండి. అక్కడక్కడా సన్నటి ఈకకాడ గుచ్చుకుంటే నూగు, అంతా ఒకేలా మెత్తగా ఉంటే పాలిస్టర్. పాలిస్టర్ అయితే ఈ వ్యాసంలో చెప్పేదాంట్లో సగం అవసరం లేదు, మంచి ఎండలో ఒక్కరోజులో ఆరిపోతుంది.

జిప్పులన్నీ వేసి, జేబులు ఖాళీ చేసి, జాకెట్ను తిరగేయండి. లోపలి గుడ్డలోంచి నీళ్లు తేలిగ్గా పోతాయి, వస్తాయి. పైగుడ్డకు నీళ్లు జారే పూత ఉంటుంది కాబట్టి అది నీళ్లను లోనికీ రానివ్వదు, లోపలికి పోయినవాటిని బయటికీ వదలదు. కుట్టు ఎక్కడైనా విడిపోయి ఉంటే ముందు కుట్టించండి, లేకపోతే ఆ కంతలోంచి మెషీన్ నిండా నూగే. గుడ్డలోంచి పొడుచుకొచ్చిన ఈకను బయటికి లాగకూడదు. లాగితే ఆ చిల్లు పెద్దదై వెనకే ఇంకో నాలుగు వస్తాయి. వెనక నుంచి పట్టుకుని లోపలికే లాక్కోవాలి.

మన జాకెట్లలో మురికి ముఖ్యంగా మెడ పట్టీ దగ్గర చేరుతుంది, అది తలనూనె. మామూలు వాష్‌లో పోదు. ఉతికే లిక్విడ్ ఒక చెంచా, నీళ్లు ఒక చెంచా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో ఆ పట్టీ మీద, ముంజేతి అంచుల మీద మెల్లగా రుద్ది పావుగంట ఉంచితే వదులుతుంది.

లిక్విడ్ విషయంలో ఒక్క నియమం. బట్టల పొడి వాడొద్దు, ఎంజైములు ఉన్న డిటర్జెంట్ ఏదీ వాడొద్దు. రక్తం, గుడ్డు లాంటి మరకలను విరగ్గొట్టడానికి డిటర్జెంట్లలో వేసే ఒక రకం ఎంజైము మాంసకృత్తుల మీద పనిచేస్తుంది. నూగు కూడా మాంసకృత్తే, మన గోరూ వెంట్రుకా ఉన్న పదార్థమే. నూగుకు సహజంగా ఉండే కాస్త జిడ్డు పోయినా అది పెళుసెక్కుతుంది. డౌన్ వాష్ అని విడిగా అమ్మే లిక్విడ్ ఆన్‌లైన్లో దొరుకుతుంది, దానికి సీసా మీద రాసిన కొలతే కొలత. అది లేకపోతే ఉన్ని బట్టలకు వాడే లిక్విడ్ ఒక జాకెట్‌కు 20 మిల్లీలీటర్లు చాలు. సువాసన కోసం వేసే కంఫర్ట్ లాంటి ఫ్యాబ్రిక్ కండిషనర్ మాత్రం చుక్క కూడా వద్దు. అది పోగులకు పూతలా పట్టి వాటిని విచ్చుకోనివ్వదు. మెషీన్‌కు సబ్బు పోసే డ్రాయర్లో పాత పొడి, కండిషనర్ అంటుకుని ఉంటాయి కాబట్టి దాన్ని ఊడదీసి కడిగి, ఒకసారి ఖాళీ మెషీన్‌లో రిన్స్ తిప్పాక జాకెట్ వేయండి.

నీళ్ల సంగతి కూడా చూడాలి. సముద్రం వైపు మండలాల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని వేరే చెప్పక్కర్లేదు. ఆ నీళ్లలో లిక్విడ్ సరిగా నురగ రాదు, ఆరాక ఉప్పు పోగుల మీదే మిగులుతుంది, ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. కనీసం ఆఖరి రెండు జాడింపులైనా కుళాయికొచ్చే మంచినీళ్లతో అయితే మేలు. పైట్యాంకులో బోరు నీళ్లు ఉంటే ఆ రోజుకు వాటిని ఖాళీ చేసి మంచినీళ్లు ఎక్కించుకోవాలి. టాప్‌లోడ్ మెషీన్ ఉన్నవాళ్లకు ఇంకా తేలిక, బకెట్లతో పోసుకోవచ్చు.

మెషీన్లో

పొడి జాకెట్ను నేరుగా మెషీన్లో పడేస్తే లోపలి గాలితో బుడగలా తేలుతుంది, సగం తడవకుండానే వాష్ అయిపోతుంది. అందుకే ముందు టబ్బులో నీళ్లు పట్టి, జాకెట్ను ముంచి, అరచేతులతో అంచు నుంచి మెడ వైపు గాలి పోయేలా నొక్కాలి. నాలుగైదు సార్లు నొక్కాక జాకెట్ బరువెక్కి అడుగుకు దిగుతుంది. ఇప్పుడు దాన్ని తీసే పద్ధతి ముఖ్యం. భుజాలు పట్టుకుని ఎత్తితే తడి నూగు బరువంతా లోపల గడుల మధ్య ఉండే పల్చటి అడ్డగోడల కుట్ల మీద పడి అవి తెగుతాయి. బయటికి ఏమీ కనిపించదు, ఆరాక చూస్తే ఒక గడిలో నూగు పక్క గడిలోకి పోయి ఉంటుంది. రెండు చేతులూ కిందికి పోనిచ్చి, పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి, బేసిన్లో పెట్టి మోయాలి.

ఫ్రంట్‌లోడ్‌లో ఊల్ లేదా డెలికేట్ ప్రోగ్రాం, 30 డిగ్రీలు, స్పిన్ 400 నుంచి 600 మధ్య. జాకెట్ ఒక్కటే వేస్తే డ్రమ్ములో ఒకవైపుకు ముద్ద కట్టి మెషీన్ అదరడం, తెర మీద UE లేదా Ub అని వచ్చి స్పిన్ ఆగిపోవడం మామూలే. పోగులు ఊడని పాత తువ్వాలు ఒకటి తోడుగా వేస్తే బరువు సర్దుకుంటుంది. వాష్ అయ్యాక రిన్స్ మాత్రమే మరో రెండుసార్లు పెట్టాలి. ఆఖరి రిన్స్ తర్వాత జాకెట్ను ఒక చోట నొక్కి చూడండి, పిండితే వచ్చిన నీళ్లలో నురగ కనిపిస్తే ఇంకోసారి.

టాప్‌లోడ్‌లో, మధ్యలో నిలువు కడ్డీ ఉన్న మెషీన్ అయితే అసలు వేయొద్దు, అది జాకెట్ను చుట్టేసుకుని మెలిపెడుతుంది. అడుగున చక్రం తిరిగే రకమైతే డెలికేట్‌లో ఉతకవచ్చు, స్పిన్ దగ్గర జాగ్రత్త. నీళ్లు జారే పూత ఉన్న గుడ్డ స్పిన్‌లో సంచిలా నీళ్లను పట్టుకుని ఉంటుంది. డ్రమ్ము వేగం అందుకున్నాక ఆ నీళ్లు ఒక్కసారిగా జరిగితే మెషీన్ గట్టిగా ఎగిరిపడుతుంది. వాటర్‌ప్రూఫ్ బట్టలు వేయొద్దని చాలా టాప్‌లోడ్ మెషీన్ల పుస్తకాల్లో రాసి ఉండడం ఇందుకే. అలాంటి జాకెట్ అయితే స్పిన్ ముందు ఆపి, చేతులతో నొక్కి నీళ్లు తీసేసి, తిరగేసిన జాకెట్ను తువ్వాలతో కలిపి అతి తక్కువ వేగంలో తిప్పండి, పక్కనే ఉండండి. సెమీ ఆటోమేటిక్ మెషీన్ స్పిన్ గిన్నె చిన్నది. సన్నటి జాకెట్ పడుతుంది, లావుది కుక్కితే ఒకవైపే బరువెక్కి గడగడలాడుతుంది.

మామూలు స్పిన్ అయ్యాక ఇంకోసారి స్పిన్ మాత్రమే, 800 వేగంతో. దీన్ని వదిలేయొద్దు. మెషీన్ ఐదు నిమిషాల్లో తీసేసే నీళ్లకు బయట గాలికి ఒక పూట పడుతుంది. మెలిపెట్టి పిండడం మాత్రం వద్దు. మెషీన్లోంచి తీశాక జాకెట్ను చూస్తే గుండె జారిపోతుంది. పల్చగా, ఖాళీ సంచిలా, అక్కడక్కడా ముద్దలు. కాస్త బాతు వాసన కూడా. ఇది మామూలే, ఆరితే పోతుంది.

మూడు రోజుల లెక్క

ఇక్కడ కాటా కావాలి. ఉతకబోయే ముందు పొడి జాకెట్ను తూచి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. వంటింటి డిజిటల్ కాటా మీద బేసిన్ పెట్టి తూస్తే సరిపోతుంది. విమానం సామాన్లు తూచే కొక్కెం కాటా పెద్ద దుప్పట్లకు పనికొస్తుంది, జాకెట్‌కు అంత కచ్చితంగా ఉండదు. జాకెట్ ఆరిందా లేదా అన్నది చేతులు మోసం చేస్తాయి, బరువు చేయదు.

ఉదాహరణకు 540 గ్రాముల జాకెట్ తీసుకుందాం, కాలం ఫిబ్రవరి నెలాఖరు. పొద్దున ఏడింటికి వాష్ మొదలుపెడితే తొమ్మిదిన్నరకు బయటికొస్తుంది. మొదటి స్పిన్ తర్వాత 1,180 గ్రాములు, రెండో స్పిన్ తర్వాత 960. అంటే ఇంకా 420 గ్రాముల నీళ్లు ఉన్నాయి. అంకెలు జాకెట్‌ను బట్టి మారతాయి, అవి తగ్గే తీరు మాత్రం దాదాపు ఇలాగే ఉంటుంది.

హ్యాంగరుకు తగిలించకూడదు, తీగ మీద వేయకూడదు. వేస్తే ప్రతి గడిలోనూ తడి నూగు కింది అంచుకు జారి అక్కడే ముద్దగా ఆరుతుంది, పై సగం ఖాళీ. పరుపు తీసేసిన నవారు మంచం లేదా నులకమంచం దీనికి పెట్టింది పేరు, అడుగు నుంచి కూడా గాలి తగులుతుంది. మంచం మీద పాత దోమతెర పరిచి, జాకెట్ను తిరగేసినట్టే పడుకోబెట్టి, చేతులు బారచాపి ఉంచాలి. డాబా మీద గాలి వచ్చే నీడ మంచిది. నేరుగా ఎండలో రోజంతా ఉంటే నైలాన్ రంగు వెలుస్తుంది, గుడ్డ బలం తగ్గుతుంది. చుట్టుపక్కల రైస్ మిల్లు ఉంటే ఊక బూడిద పడుతుంది కాబట్టి పైన పల్చటి పంచె కప్పండి.

మొదటి మూడు గంటలు ముద్దల జోలికి పోవద్దు. అప్పుడు అవి పేస్టులా ఉంటాయి, విడదీయబోతే ఇంకా గట్టిపడతాయి. అరగంటకోసారి బోర్లా వెల్లకిలా తిప్పడం మాత్రమే. నొక్కితే నీటి చెమ్మ వేలికి అంటని దశ వచ్చాక, మన లెక్కలో సుమారు 800 గ్రాముల దగ్గర, వేళ్ల పని మొదలవుతుంది. ఒక్కో గడిలో గోళీని గుడ్డ పైనుంచే బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని మెల్లగా రెండు వైపులకూ విడదీయాలి. దీపానికి వత్తులు చేసేటప్పుడు దూదిని విడదీస్తామే, అంత మెల్లగా. నలపడం కాదు, లాగి విడదీయడం. ఒక వరుసలో మెడ నుంచి అంచు దాకా, తర్వాత రెండో వరుస, ఆపైన చేతులు. ఒక్క చుట్టుకు ఇరవై నిమిషాలు పడుతుంది. గంటకోసారి చేయాలి. విసుగు పుట్టే పనే, కానీ దీనికి అడ్డదారి లేదు.

నాలుగింటికి జాకెట్ లోపలికి రావాలి. పొద్దు వాలాక తేమ పెరుగుతుంది, మంచు మొదలైతే పగలు పోయిన తడి తిరిగి వస్తుంది. మొదటి సాయంత్రం బరువు 740. రాత్రికి ఏసీ ఉన్న గది కావాలి. ఏసీ చల్లబరుస్తూనే గాలిలోంచి నీళ్లు తీసేస్తుంది. బయట పైపులోంచి బొట్లు బొట్లుగా కారేవి ఆ నీళ్లే. 26, 27 డిగ్రీల మీద పెట్టి, డ్రై మోడ్ ఉంటే అది వేసి, మంచాన్ని ఫ్యాను కింద ఉంచి, తలుపులు మూసేయాలి. ఫ్యానుతో మూసిన గది ఎందుకు పనికిరాదో ఇందాక చూశాం, ఏసీ ఆ లెక్కనే తిరగేస్తుంది. తెల్లారేసరికి 650. ఏసీ లేకపోతే ఎదురెదురు కిటికీలు తెరిచి ఫ్యాను వేయడమే మార్గం. అలా అయితే ఇంకో రోజు కలుపుకోండి.

రెండో రోజు తొమ్మిదిన్నరకు మళ్లీ డాబా మీదికి. ఈ రోజు ముద్దలు తేలిగ్గా విడిపోతాయి, గడులు ఒక్కొక్కటే ఉబ్బడం కంటికి తెలుస్తుంది. మధ్యాహ్నం ఒక గంట ఎండలో ఉంచినా ఫర్వాలేదు, లోపలి గుడ్డ పైకి ఉంది కాబట్టి. గంటకోసారి కింది అంచు రెండు చేతులతో పట్టుకుని దిండు దులిపినట్టు దులపండి, అరచేత్తో తట్టండి. సాయంత్రానికి 570. చూడ్డానికి జాకెట్ పూర్తిగా ఆరినట్టే ఉంటుంది. చాలామంది ఇక్కడే బీరువాలో పెట్టేస్తారు. జాకెట్లు చెడేది కూడా సరిగ్గా ఇక్కడే. మిగిలిన 30 గ్రాములు మెడ పట్టీలో, చంకల కింద, జేబుల వెనక, టోపీ అతుకు దగ్గర దాక్కుని ఉంటాయి. అక్కడ గుడ్డ రెండు మూడు పొరలుంటుంది, గాలి తక్కువ తగులుతుంది.

వాటిని పట్టుకోవడానికి మూడు పద్ధతులున్నాయి. చీకటి గదిలో జాకెట్ లోపల సెల్‌ఫోన్ టార్చి పెట్టి చూస్తే, ఆరిన గడి సమంగా వెలుగుతుంది, ముద్ద ఉన్న చోట నల్లటి మచ్చ, దాని పక్కన ఖాళీ. రెండోది, జాకెట్‌ను ఎండలోంచి తీసుకొచ్చి గంటసేపు నీడలో చల్లబడనిచ్చి ఆ చోట్లను చెంపకు ఆనించి చూడడం. తడి ఉంటే మిగతా చోట్ల కంటే చల్లగా తగులుతుంది. వేడిగా ఉన్నప్పుడు చూస్తే అంతా పొడిగానే అనిపిస్తుంది కాబట్టి చల్లబడనివ్వడం తప్పనిసరి. మూడోది, పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లో జాకెట్ను పెట్టి మూతి కట్టి పావుగంట ఎండలో ఉంచడం. కవరు లోపలి వైపు మంచు పట్టినట్టు మసకబారితే తడి ఇంకా ఉంది.

మూడో రోజు మధ్యాహ్నానికి కాటా 545 చూపిస్తుంది. రెండు గంటలు నీడలో ఉంచి మళ్లీ తూచినా అంతే ఉంటే పని అయినట్టే. ఐదు గ్రాముల తేడాకు కంగారు అక్కర్లేదు, నూగు గాలిలోని తేమను బట్టి ఆ మాత్రం బరువు పెరుగుతుంది, తగ్గుతుంది. ఇదే జాకెట్ శ్రావణంలో తూస్తే ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. అందుకే పోల్చాల్సింది ఉతికిన రోజు పొద్దుటి బరువుతో.

వాషర్ డ్రయ్యర్ కలిసి ఉన్న మెషీన్ ఉన్నవాళ్లకు, లేదా డ్రయ్యర్ ఉన్న లాండ్రీ దగ్గర్లో ఉన్నవాళ్లకు ఈ మూడు రోజులు మూడు గంటలవుతాయి. తక్కువ వేడి, లోపల మూడు టెన్నిస్ బంతులు. పిల్లలు క్రికెట్ ఆడినవి కాకుండా కొత్తవి, లేకపోతే మట్టి అంటుతుంది. బంతులు జాకెట్ను కొడుతూ ముద్దలను విడగొడతాయి, అంటే వేళ్ల పని అవి చేస్తాయి. అరగంటకోసారి ఆపి, తీసి దులిపి మళ్లీ వేయాలి. ఎక్కువ వేడి పెడితే పల్చటి నైలాన్ ముడుచుకుపోతుంది, కరుగుతుంది కూడా. డ్రయ్యర్ పూర్తిగా అందుబాటులో లేకపోయినా, రెండో రోజు సాయంత్రం నలభై నిమిషాలు దొరికితే ఆ ఆఖరి 30 గ్రాముల గొడవ తీరిపోతుంది.

రజాయిలు, కంఫర్టర్ల మాట

ఇంట్లో దుప్పట్లలో ఉతకదగ్గది పాలిస్టర్ కంఫర్టర్. దాంతో సమస్య బరువు కాదు, లావు. డబుల్ కాట్ కంఫర్టర్ రెండు కిలోలే తూగొచ్చు, 7 కిలోల మెషీన్ కదా అని వేసేస్తాం. ఆ 7 కిలోలు చొక్కాలూ చీరలూ లాంటి మామూలు బట్టల లెక్క. కంఫర్టర్ను పొడిగా డ్రమ్ములో పెట్టి చూడండి, పైన బెత్తెడు ఖాళీ ఉండాలి, పక్కన చెయ్యి దూరాలి. కుక్కితే తప్ప పట్టకపోతే నీళ్లు నడిమికి చేరవు, సబ్బు నడిమి నుంచి బయటికి రాదు. ఆరాక మధ్యలో తెల్లటి చారలు కనిపిస్తే అది మిగిలిపోయిన సబ్బే. అలాంటిదాన్ని పెద్ద మెషీన్ ఉన్న లాండ్రీకి ఇవ్వాలి, లేదా డాబా మీద టబ్బులో కాళ్లతో తొక్కి ఉతుక్కోవాలి.

డ్రమ్ములో పెట్టేటప్పుడు మడతలు పెట్టొద్దు, చుట్ట చుట్టి డ్రమ్ము గోడ చుట్టూ గుండ్రంగా సర్దితే స్పిన్ సమంగా తిరుగుతుంది. ఆరబెట్టేటప్పుడు ఒక్క తీగ మీద వేలాడేస్తే నీళ్లు రెండు అంచులకూ దిగి అక్కడ మందంగా ఆరుతుంది. రెండు మూడు తీగలు జానెడు దూరంలో ఉంటే వాటి మీద అడ్డంగా పరవాలి, రెండు గంటలకోసారి తలకిందులు చేయాలి. పాలిస్టర్ పోగులు నీళ్లను తమలోకి పీల్చుకోవు కాబట్టి ఒక మంచి రోజు చాలు. ఏదైనా మూల ముద్దగా అనిపిస్తే తడిగా ఉన్నప్పుడే రెండు చేతులతో గళ్ల వెంబడి లాగి సర్దండి, ఆరాక సర్దడం కుదరదు.

అసలు దూది కూరిన రజాయిని మాత్రం మెషీన్ దగ్గరికి తేవద్దు. దూది నీళ్లను తనలోకే పీల్చుకుంటుంది, రజాయి బరువు ఎన్నో రెట్లవుతుంది, కుట్లు దూరంగా ఉంటే దూది అంతా ఒక మూలకు చేరి ఇటుకలా గడ్డకడుతుంది. ఎంత ఎండలో పెట్టినా అది మళ్లీ విచ్చుకోదు. దూది రజాయికి పనిచేసేది పాత పద్ధతే. పైగలీబు విప్పి ఉతకడం, లోపలిదాన్ని ఎండలో పెట్టి కర్రతో దులపడం, గట్టిపడ్డాక దూది ఏకేవాళ్లకు ఇచ్చి ఏకించడం. పాత చీరలు పొరలు పొరలుగా కుట్టిన బొంతకు ఈ బాధ లేదు. అందులో జారడానికి విడి దూది లేదు, మెషీన్ పడితే మెషీన్లో, లేకపోతే కాళ్ల కింద, బాగానే ఉతుకుతుంది.

తప్పు జరిగిపోయాక

జాకెట్ ఆరాక అక్కడక్కడా గట్టి ముద్దలు మిగిలి, వాసన మాత్రం లేకపోతే, పొడిగా నలిపి విడదీయాలని చూడొద్దు, పోగులు విరుగుతాయి. ఆ గడుల మీద స్ప్రే సీసాతో మంచినీళ్లు లోపలి వైపు నుంచి చల్లి, పావుగంట ఆగి, చెమ్మ మీద వత్తుల దూదిలా విడదీసి మళ్లీ ఆరబెడితే చాలావరకు విచ్చుకుంటాయి.

ముక్క వాసన పట్టేస్తే ఎండలో ఎన్ని రోజులు పెట్టినా లాభం లేదు. ఎండకు వాసన తగ్గినట్టు అనిపించి, మబ్బు పట్టగానే మళ్లీ వస్తుంది. తిరిగి ఉతికి, ఈసారి కాటా పెట్టుకుని ఆరబెట్టాల్సిందే. బీరువాలో పెట్టాక కూడా వాక్యూమ్ కవర్లో నొక్కి ఉంచొద్దు, నెలల తరబడి నలిగి ఉన్న నూగు తిరిగి పూర్తిగా ఉబ్బదు. పాత కాటన్ దిండు గలీబులో వదులుగా పెట్టి, వానాకాలంలో నెలకోసారి, ఎండ కాసిన రోజు చూసి, బయటికి తీసి రెండు గంటలు గాలికి ఉంచితే చాలు.